నూటికి రూపాయే అన్నారు, లెక్క వేస్తే 30 శాతం వస్తోంది. నేను వేసింది సరైనదేనా?

మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అమ్మ ఇంకో నలుగురితో కలిసి ఒక మైక్రోఫైనాన్స్ కంపెనీలో 30,000 తీసుకుంది. వారానికి 675 చొప్పున 50 వారాలు, మొత్తం 33,750. ఏజెంటు "నూటికి రూపాయే" అన్నాడు. కానీ అసలు ప్రతి వారం తగ్గుతూ పోతుంది కదా! సగటున అమ్మ దగ్గర ఉండేది 15,000 చిల్లరే. ఆ లెక్కన ఏడాదికి సుమారు 24.6 శాతం. ఫీజు, ఇన్సూరెన్స్ పట్టుకుని చేతికిచ్చింది 29,200 కాబట్టి 30 దాటుతోంది.

వారం వారం మనిషి ఊరికొచ్చి వసూలు చేసే ఖర్చు 30,000కైనా, మూడు లక్షలకైనా ఒకటే, చిన్న అప్పుకు వడ్డీ అందుకే ఎక్కువని అర్థమైంది. మరి అంత తేడా ఉంటుందా?

అసలు టెన్షన్ వేరే. గ్రూపులో ఒకామె పని కోసం హైదరాబాద్ వెళ్లి మూడు వారాలుగా కట్టట్లేదు. ఆమె 675 మిగతా నలుగురూ పంచుకోవాలని, లేదంటే సెంటర్ మీటింగ్ నుంచి కదలనివ్వబోమని కంపెనీవాళ్లు అంటున్నారు. పోయిన మంగళవారం అమ్మ పత్తి ఏరిన కూలి డబ్బుల్లోంచి 170 తీసిచ్చింది.

అమ్మ తన వాటా సరిగ్గా కడుతున్నా, ఆమె బాకీ వల్ల అమ్మ క్రెడిట్ రికార్డు పాడవుతుందా? మహిళా సంఘం బ్యాంకు లోను తీసుకుని దీన్ని ముందే తీర్చేయడం మంచిదేనా? అలా చేసినవాళ్లుంటే చెప్పండి, లోన్ కార్డు మా దగ్గరే ఉంది.