మందు వేసినా పాపకి పురుగులు మళ్ళీ వస్తున్నాయి, ఎక్కడ తప్పుతున్నాం?

మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. ఆరేళ్ళ మా పాప రాత్రి పడుకున్న గంట, రెండు గంటలకి ఆసనం దగ్గర దురదని లేచి ఏడ్చేది. మలపరీక్షలో ఏమీ లేదన్నారు. టార్చి వేసి చూస్తే తెల్ల దారప్పోగుల్లాంటి పురుగులు!

ఆడపురుగు రాత్రిపూట బయటికొచ్చి చర్మం మీదే గుడ్లు పెడుతుందట, అందుకే అవి మలంలో అరుదుగా దొరుకుతాయట. పొద్దున్న లేవగానే, కడగకముందే, సెలోఫేన్ టేపు జిగురువైపు అక్కడ అద్ది గాజుపలక మీద అంటించి తెమ్మన్నారు. మొదటిరోజు అలవాటుకొద్దీ స్నానం చేయించాక తీశాను, ఏమీ కనబడలేదు. మర్నాడు సరిగ్గా తీస్తే మైక్రోస్కోపులో గుడ్లు కనిపించాయి.

ఆల్బెండజోల్ ఒకసారి, రెండు వారాలకి మరోసారి వేశాం. మందు పురుగుల్నే చంపుతుంది, గుడ్లని కాదు కాబట్టి రెండో మోతాదు తప్పదన్నారు. నెలన్నరకి మళ్ళీ అదే దురద.

నాకున్న అనుమానం: మందు పాపకే వేశాం. తను మా అత్తయ్య పక్కలో పడుకుంటుంది, బొటనవేలు చీకుతుంది. గోకిన గోళ్ళలో, దుప్పట్లలో గుడ్లు రెండు మూడు వారాలు బతుకుతాయట. అత్తయ్యేమో "నాకు దురదే లేదు, మందెందుకే" అంటారు. దురద లేకపోయినా పురుగులుండొచ్చు కదండీ?

ఇంట్లో అందరికీ టేపు పరీక్ష చేయించాలా, లేక ఒకేరోజు అందరం మందు వేసుకుంటే చాలా? పది నెలల బాబు కూడా ఉన్నాడు, వాడి సంగతి ఏం చేశారు మీరైతే?