శరీరభాగాల మాటలన్నీ ‘న’తోనే మొదలవుతున్నాయి: హల్లులు, అచ్చులు తేల్చే పదపట్టికను ఎలా దిద్దుకోవాలి?

వాసంతి:
ఇంతవరకు ఎవరూ వ్యాకరణం గాని నిఘంటువు గాని రాయని ఒక భాషలో హల్లులెన్ని, అచ్చులెన్ని అన్నది తేల్చే పని మొదలుపెట్టాను. భాషలను పోల్చడానికి వాడే స్వదేశ్ పట్టికను ఆధారం చేసుకొని, ఇద్దరు భాషా సహాయకుల చేత 210 మాటలు చెప్పించి రికార్డు చేశాను. ఇప్పుడు రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది, వీటిలో 34 మాటలు ‘న’తో మొదలవుతున్నాయి, శరీరభాగాలూ బంధువాచకాలూ అన్నీ ఆ గుంపులోనే ఉన్నాయి. చేయి ‘నబాసు’, ముక్కు ‘నగీలు’, కన్ను ‘నమీరు’. రెండోది, ప, త, క అనే ధ్వనులు మాట మొదట మాత్రమే, బ, ద, గ అనేవి మాట నడుమ మాత్రమే వినబడుతున్నాయి. ‘రాపు’, ‘సీతా’, ‘లకో’ అనే మూడు మాటలు మాత్రం దీనికి లొంగడం లేదు. ఆరింటినీ ఆరు హల్లులుగా లెక్కపెట్టాలా, లేక మూడేనా? అసలు ఇంకా ఎన్ని మాటలు సేకరిస్తే ఈ లెక్కను నమ్మవచ్చు?

రఘురాం:
దీనికి ఇంత పెద్ద పట్టిక అక్కరలేదని నా అభిప్రాయం. ఒక్క ధ్వని మారగానే అర్థం మారిపోయే జంటలు దొరికితే ఆ రెండూ వేర్వేరు వర్ణాలు, దొరకకపోతే రెండూ ఒకటే. ‘నబాసు’లో బ తీసి ప పెట్టి పలికి, అటువంటి మాట ఉందా అని మీ సహాయకులనే అడగండి. ఒక పూటలో తేలిపోతుంది.

సుభద్ర:
రఘురాం గారు చెప్పినదానిలో మొదటి సగం సరైనదే. జంట దొరికితే అది గట్టి రుజువు. కానీ జంట దొరకకపోవడం దేనికీ రుజువు కాదు, ఎందుకంటే 210 మాటలలో అటువంటి జంట తారసపడటం చాలావరకు అదృష్టం. ఇక ‘ఈ మాట ఉందా’ అని మనమే పలికి అడిగితే, సహాయకుడు మన ఉచ్చారణను మన్నించి, దగ్గరగా ఉన్న మాటను ఊహించుకొని ‘ఉంది’ అంటాడు. మొహమాటం కొద్దీ అన్న ఆ ‘ఉంది’ నోటుపుస్తకంలోకి ఎక్కితే, దానిని తరువాత తీసివేయడం కష్టం.

వాసంతి గారూ, మీ పట్టిక వేరే పని కోసం పుట్టినది. మారిస్ స్వదేశ్ అనే భాషావేత్త 1952లో సుమారు 200 మాటలతో, 1955లో 100 మాటలతో దానిని కూర్చాడు, భాషల మధ్య చుట్టరికాన్ని, అవి విడిపోయి ఎంతకాలమైందన్న విషయాన్ని అంచనా వేయడానికి. అందులో శరీరభాగాల పాలు ఎక్కువ. ‘ఎందుకంటే’, ‘తో’ వంటి అర్థాలూ ఉంటాయి, వాటిని విడిగా చెప్పమంటే ఏ భాషవారైనా తడబడతారు. శరీరభాగాన్ని ‘ఎవరిదో’ చెప్పకుండా పలకలేని భాషలు చాలా ఉన్నాయి. మీ భాష కూడా అటువంటిదే అనిపిస్తోంది. మీ సహాయకుడు ‘చేయి’ అనలేదు, ‘నా చేయి’ అన్నాడు. అంటే మీరు 34 సార్లు విన్నది ఒకే ‘న’. దానిని 34గా లెక్కిస్తే ఆ హల్లు ఈ భాషలో అతి విరివిగా వాడేదని పొరపడతాము. పైగా ఆ మాటల అసలు మొదటి హల్లు, నడిమి హల్లుగా మారువేషంలో కూర్చుంటుంది.

కాబట్టి ముందు ఆ 34 మాటలను ‘నీ చేయి’, ‘నీ ముక్కు’ అని కూడా చెప్పించి, రెంటినీ పక్కపక్కన పెట్టి, మారని భాగాన్ని విడదీసి ఉంచుకోండి. తరువాత అసలు పరీక్ష. రాయి, దారి, బుట్ట వంటి మాటలు ఎవరిదో చెప్పకుండానే పలికి ఉంటారు గదా, వాటిని ‘నా రాయి’, ‘నా దారి’, ‘నా బుట్ట’ అని చెప్పించండి. మాట మొదట ఉన్న ప, అచ్చుల నడుమకు వచ్చేసరికి బ అయితే, అది ఒకే హల్లుకు రెండు వేషాలు. జంటల కోసం వెతకనక్కరలేకుండా భాషే సాక్ష్యం చెబుతుంది.

ఖాదర్:
నేను పనిచేసిన భాషలో చిక్కు హల్లులది కాదు, స్వరం హెచ్చుతగ్గులది. ప్రతి పదో మాట తగ్గుస్వరంలో ముగుస్తోందని, అది అర్థభేదకమని రెండు నెలలు నమ్మాను. తీరా చూస్తే నేను ఒక్కో కాగితానికి పది మాటలు రాసుకొని వరుసగా అడిగాను. కాగితం చివరికి రాగానే సహాయకుడు జాబితా ముగిసినట్టుగా గొంతు దించేవాడు. మీ ‘న’ కూడా అటువంటి చదువు అలవాటే కావచ్చునేమో చూడండి.

సుభద్ర:
ఖాదర్ గారూ, వాసంతి గారి ‘న’ అర్థాన్ని బట్టి వస్తోంది గనుక అది వరుస వల్ల వచ్చినది కాదు. కానీ మీరు చెప్పిన జాగ్రత్త ఈ పట్టికకూ కావలసినదే. మాటల వరుసను ప్రతి సిట్టింగులో కలిపివేయాలి. ఒక్కో మాటను మూడుసార్లు చెప్పించి నడిమి ఉచ్చారణను కొలతకు తీసుకోవాలి, ఎందుకంటే మొదటిసారి జంకు, చివరిసారి ముగింపు ధోరణి వినబడతాయి. విడిగా చెప్పించిన తరువాత, ‘అతను ___ అన్నాడు’ వంటి ఒకే వాక్యంలో పొదిగి మళ్లీ చెప్పించాలి. ప వంటి శ్వాసస్పర్శం మాట మొదట ఒంటరిగా ఉన్నప్పుడు పెదవులు ఎప్పుడు మూసుకున్నాయో రికార్డింగులో కనబడదు, అంతా నిశ్శబ్దమే. ముందు ఒక అచ్చు ఉంటేనే మూత ఎంతసేపు ఉందో ధ్వనిని కొలిచే సాఫ్ట్‌వేర్ ప్రాట్‌లో కొలవగలం.

నాగమణి:
ఇంత వివరం దేనికి? తెలుగు లిపిలో రాసుకుంటే ప, బ రెంటికీ అక్షరాలున్నాయి గదా, రెండూ వాడేస్తే సరి.

సుభద్ర:
నాగమణి గారూ, వినినది వినినట్టు రాసుకోవడానికి రెండు అక్షరాలూ వాడవలసిందే. ఆ భాషకు లిపి కూర్చడం మాత్రం ఈ లెక్క తేలిన తరువాతి పని. పైగా మన లిపి చేతిలో ఉంటే మన చెవి కూడా దానితోనే వస్తుంది. త, ట ల మధ్య దంతమూలంలో పలికే మూడో స్పర్శం ఒకటి ఉంటే, మనం దానిని ఒకసారి త అని, ఒకసారి ట అని రాసి, ఆ భాషలో స్థిరత్వం లేదనుకుంటాము. అచ్చుల విషయంలోనూ అంతే. మనం ‘మేడ’లోని ఏ-ను ‘మేడి’లోని ఏ-కన్నా నోరు ఎక్కువ తెరచి పలుకుతాము, కానీ ఆ తేడాను పట్టించుకోము. అదే తేడాతో అర్థం మార్చే భాష ఎదురైతే రెంటినీ ఒకే గడిలో వేసేస్తాము.

వాసంతి:
రెండు సిట్టింగుల ఫలితాలు తెచ్చాను. ‘నీ చేయి’ అంటే ‘కుబాసు’, ‘నీ కన్ను’ అంటే ‘కుమీరు’. అంటే ‘న’, ‘కు’ రెండూ ముందు చేరే ప్రత్యయాలే. రాయి ‘పలు’, నా రాయి ‘నబలు’. దారి ‘తోరి’, నా దారి ‘నదోరి’. బుట్ట ‘కమ’, నా బుట్ట ‘నగమ’. ఇటువంటి 15 మాటలు అడిగితే 15 లోనూ మార్పు వచ్చింది. అచ్చుతో ముగిసే మాట తరువాత వాక్యంలో పెట్టినప్పుడు మాత్రం ‘పలు’ అలాగే ఉంది, ‘బలు’ కాలేదు.

మొండికేసిన మూడు మాటలలో ‘రాపు’, ‘సీతా’ సంఖ్యావాచకాలు. నాలుగు, అయిదు అంకెలను పొరుగు భాష నుంచి తీసుకున్నామని సహాయకులిద్దరూ చెప్పారు. మిగిలినది ‘లకో’, కడుగు అనే క్రియ. వాక్యంలో కొలిస్తే ఇందులోని క మూత సుమారు 165 మిల్లీసెకన్లు, మాట మొదటి క మూత సుమారు 90, అచ్చుల నడిమి గ మూత సుమారు 60 ఉన్నాయి.

రఘురాం:
అయితే ఆరు కాదు, మూడే హల్లులు. పొరుగు భాష నుంచి వచ్చిన ఆ ఎరువు మాటలను పక్కన పెట్టేయండి.

సుభద్ర:
పక్కన పెట్టండి గాని పారవేయకండి. ఎరువు మాటయినా ఆ ఊరివాళ్లందరూ నడుమ ప ఉంచే పలుకుతుంటే, ఈనాటి భాషలో ప, బ ల తేడా తలుపు తట్టినట్టే. ముసలివారు ‘రాబు’ అంటున్నారా అని వాకబు చేయండి. ఈ ప్రశ్నపై నాకే ఒక నిశ్చయం లేదు. అటువంటి పట్టికలలో నేను ఎరువు మాటలకు వేరే గడి పెట్టి ఊరుకున్నాను.

ఇప్పుడు రెండో పట్టిక వేయవచ్చు. మొదటి పట్టికను అర్థాలను బట్టి వేశాము, రెండోదానిని ధ్వనులను బట్టి వేయాలి. ప్రత్యయాలు కోసివేసిన ప్రతి మాటకు మొదటి హల్లు, మొదటి అచ్చు, రెండో హల్లు, రెండో అచ్చు అని నాలుగు గడులు పెట్టి, ఏ హల్లు ఏ చోట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించండి. క 40 సార్లు మొదట వచ్చి గ ఒక్కసారీ రాకపోతే ఆ ఖాళీ నియమం. ఒక ధ్వని మొత్తం మీద రెండే సార్లు వస్తే అది మాటల కొరత, దాని గురించి ఏమీ తేల్చకూడదు. ఈ కొరత తీరడానికి జంతువులు, చెట్లు, పనిముట్లు, వాతావరణం, ఇలా ఒక్కో రంగం నుంచి మాటలు చేర్చుకుంటూ పోండి. ఎన్ని అంటే, నేను 400 దగ్గర మొదటి లెక్క వేస్తాను. చివరి 100 మాటలలో కొత్త ధ్వని ఏదీ రాకపోతే కొంత ధైర్యం వస్తుంది, అది ఒక్కోసారి వెయ్యి దాటాక గాని రాదు.

అచ్చులకు మాత్రం ఎక్కువ మాటలకన్నా ఒకే పొరుగు ఉన్న మాటలు కావాలి. త, క ల తరువాతి మొదటి అచ్చులను ఏరండి. న, మ, ర, ల, య లు పక్కనుంటే అచ్చు రంగు మార్చేస్తాయి గనుక అటువంటి అచ్చులు కొలతకు పనికిరావు. ఒక్కో అచ్చుకు ఆరేసి మాటలు చాలు.

ఇక ‘లకో’ సంగతి. మీ క్రియలన్నీ ఏ రూపంలో సేకరించారు?

వాసంతి:
ఆజ్ఞారూపంలోనే అడిగాను. తాగు ‘మిగో’, నడువు ‘సాగో’, కడుగు ‘లకో’. ఇప్పుడు చూస్తే పన్నెండు క్రియలలో తొమ్మిది ‘గో’తో ముగుస్తున్నాయి.

సుభద్ర:
అయితే ‘గో’ అనేది ఆజ్ఞను తెలిపే ప్రత్యయమై ఉండవచ్చు, ‘న’ లాగానే మళ్లీ ఒకటే మాటిమాటికీ లెక్కకెక్కుతోంది. దాని అసలు రూపం ‘కో’ అయి, అచ్చు తరువాత ‘గో’ అవుతూ ఉంటే, ‘లకో’లో క్రియ ‘లక్’ అని హల్లుతో ముగుస్తూ ఉండాలి. లక్, కో కలిస్తే రెండు క లు. మూత 165 ఉండటానికి కారణం అదే కావచ్చు. అచ్చుతో మొదలయ్యే వేరే ప్రత్యయం ఏదైనా ఈ క్రియకు చేర్చి చెప్పించండి. ‘లగ’ అని వినబడితే నా ఊహ నిలుస్తుంది. ‘లక’ అనే వినబడితే, మూత పొడుగ్గా ఉంటే ద్విత్వం, పొట్టిగా ఉంటే అచ్చుల నడుమ కూడా నిలిచే క ఈ భాషలో ఉన్నట్టే. అప్పుడు ఆరు హల్లుల లెక్కను మళ్లీ తెరవవలసి వస్తుంది.

వాసంతి:
‘కడిగాడు’ అనే రూపం నా దగ్గర లేదు. రాబోయే సిట్టింగులో ఆ పన్నెండు క్రియలనూ భూతకాలంలో, ముగ్గురి చేత చెప్పించి వచ్చి రాస్తాను. అంతవరకు పట్టికలో ప, త, క అని మూడు గళ్లే ఉంచి, ‘లకో’ పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.