కొటేషన్ అడిగి నాలుగు రోజులైంది, జవాబు లేదు. ఎట్ల అడగాలె?

మడికొండ వెల్డింగ్
అన్నలూ అక్కలూ, మడికొండల చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు నాది. పరకాల దిక్కు ఒక పత్తి వ్యాపారికి 40×60 గోడౌన్ షెడ్డు పని వచ్చేటట్టున్నది, రేపు శుక్రవారం పొద్దుగాల నా ఎస్టిమేట్ ఆయన చేతుల పెట్టాలె. పైకప్పు షీట్లకు సోమవారం ముగ్గురికి వాట్సాప్ పెట్టిన, హన్మకొండ డీలర్ ఒకాయన, హైదరాబాద్‌ల ఇద్దరు. బ్లూ టిక్ పడ్డది గని జవాబు లేదు. హన్మకొండాయనకు మంగళవారం నుంచి అయిదు సార్లు ఫోన్ కొట్టిన, నిన్న ఎత్తి "నీ ఒక్కనిదేనా పని నాకు" అని పెట్టేసిండు. నాలుగేండ్ల నుంచి నాకు ఉద్దెర ఇచ్చే మనిషి, గందుకే భయమైతున్నది. ఇంకోసారి అడగాల్నా, ఊకుండాల్నా?

రైస్‌మిల్లు తమ్ముడు
అన్నా గింత మెత్తగుంటే ఎట్ల, "పక్క దుకాణపోడు గింత రేటు ఇచ్చిండు, నువ్వు ఇస్తవా లేదా" అని ఒక్క మెసేజ్ పెట్టు, ఉరికొస్తడు. నేను రబ్బర్ రోలర్లకు గట్లనే చేస్త, పది నిమిషాలల్ల రేటు వస్తది.

కొనుగోలు బల్ల
తమ్మీ, రోలర్లకు అది నడుస్తది, ఎందుకంటే రోలర్ అంటే సైజు, బ్రాండ్ చెప్తే అయిపాయె, రేటు ఆయన నోట్లనే ఉంటది. షీటు గట్ల కాదు. మడికొండ అన్నా, నువ్వు సోమవారం పెట్టిన మెసేజ్ ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టు, ముందు అది చూద్దాం.

మడికొండ వెల్డింగ్
ఇగో గిదే: "సార్ 40×60 షెడ్డుకు కలర్ షీట్ రేట్ పంపండి అర్జెంట్"

కొనుగోలు బల్ల
అనుకున్న. 14 ఏండ్లు ఒక కంపెనీల పర్చేజ్ చూసిన, ఇప్పుడు సొంతం పెట్టుకున్న. జవాబు రాకపోతే మనం సప్లయర్ బద్ధకం అనుకుంటం గని సగం సార్లు మన ఎంక్వైరీల నుంచి రేటు కట్టనీకె వస్తలేదు. ఆయన అడిగితే నాలుగు ప్రశ్నలు అడగాలె, అంత టైం లేక పక్కకు పెడ్తడు, తర్వాత మర్చిపోతడు. నీదాంట్ల ఏం లేదో చూడు.

అర మిల్లీమీటరు షీటు కావాల్నా, అంతకంటే పల్చందా? అర మిల్లీమీటరు అంటే రంగుతోని కలిపా, లోపలి ఇనుము ఒక్కటేనా? ఈ ఒక్క మాట మీదనే రేటు మారుతది, ఇద్దరు డీలర్లు రెండు తీర్ల పట్టుకుంటే వచ్చిన రేట్లను పక్కపక్కన పెట్టి చూసుడు దండుగ. అది గాక షీటు పొడుగు ఎంత, ఎన్ని, రంగేంది, రిడ్జి, స్క్రూలు కలుపుకొనా వేరేనా, పరకాల దాక బండి కిరాయి ఎవలది? 40×60 అంటే నేల కొలత, వాలు ఎంత పెట్టినవో ఆయనకెట్ల ఎరుక.

మడికొండ వెల్డింగ్
నిజమే అన్నా, నా డ్రాయింగ్ నా దగ్గరనే ఉండె. రెండు వాలులు, ఒక్కో దిక్కు చూరుతో కలిపి 22 అడుగుల షీటు. ఒక షీటు కప్పేది మీటరు పట్టుకుంటే 60 అడుగులకు 19, రెండు దిక్కుల 38 షీట్లు.

కొనుగోలు బల్ల
మరి ఇదే చెప్తే ఆయన అప్పుడే లెక్క కట్టేటోడు. ఇప్పుడు ఫోన్ చెయ్యకు. మెసేజ్ పెట్టు, "ఏమైంది సార్" అని మాత్రం రాయకు, ఆ మాటకు ఆయన దగ్గర ఉన్న జవాబు సాకు ఒక్కటే. తప్పు నీ మీద వేసుకొని ఇట్ల రాయి:

"అన్నా, సోమవారం నేను కొలతలు సరిగ చెప్పలేదు. 22 అడుగులవి 38 షీట్లు, రంగుతో కలిపి అర మిల్లీమీటరు, నీలం, రిడ్జి, స్క్రూలు, పరకాల దాక బండి కిరాయి వేరేగ రాయండి. పార్టీకి రేపు పొద్దుగాల 10 గంటలకు ఇయ్యాలె. కంపెనీ రేటు ఇంక రాకపోతే ఇయ్యాల్టి రేటు చెప్పి ఎన్ని రోజులు నిలుస్తదో చెప్పుండ్రి సాలు. ఈసారి వీలు కాకపోయినా పర్వాలేదు, ఒక మాట చెప్పుండ్రి."

చివరి మాట ముఖ్యం. చాన మందికి "ఇయ్యను" అని చెప్పనీకె మొహమాటం, గందుకే ఫోన్ ఎత్తరు. కాదనే దారి మనమే చూపెడితే అవునో కాదో జల్ది తేలుతది, మనం వేరే చోట చూసుకోవచ్చు.

కౌంటర్ అక్క
నేను అవతలి దిక్కు మనిషిని, మాది ఎలక్ట్రికల్ హోల్‌సేల్. నేనూ పెండింగ్ కొటేషన్ల బాధనే చెప్తున్న అనుకోండి, కస్టమర్లు రేటు తీస్కొని మళ్ళ మొహం చూపెట్టరు. ఒక కాంట్రాక్టర్ నా దగ్గర ఆరు సార్లు లిస్టు రాయించుకున్నడు, ఒక్కసారి వైరు ముక్క కొనలే, తర్వాత తెలిసింది నా రేటు చూపెట్టి వేరే షాపుల తగ్గించుకుంటున్నడని. ఏడోసారి నేను ఫోన్ ఎత్తలే. మీకు జవాబు రాకపోతే ముందు వెనక్కి చూసుకోండి, ఆయన ఇచ్చిన పాత కొటేషన్లకు మీరేం జవాబు చెప్పిండ్రు?

మడికొండ వెల్డింగ్
అక్కా, గట్టిగ తగిలింది. ఎండాకాలంల రెండు సార్లు హన్మకొండాయన దగ్గర రేటు తీస్కున్న, పని రాలేదు, ఆయనకు చెప్పలే.

కొనుగోలు బల్ల
అక్క చెప్పింది అసలు సంగతి. పని రాకపోతే రెండు లైన్లు పెట్టాలె, "పార్టీ ఆగిపోయిండు" లేకపోతే "ఈసారి వేరేకాడ తీస్కున్న, కిరాయి కాడ తేడా వచ్చింది" అని. ఎవలు ఎంతకు ఇచ్చిండ్రో చెప్పొద్దు. నేను ఒక నోట్‌బుక్కుల ఎంక్వైరీ పంపిన తారీఖు, ఎన్నడు కావాలె, ఎన్నడు అడిగిన, చివరికి ఏమైంది రాస్త. ఆఖరి గడి ఖాళీగ ఉంటే ఆయనకు నేను జవాబు బాకీ అన్నట్టు.

రైస్‌మిల్లు తమ్ముడు
అందరు రేటు చెప్పొద్దు అంటున్నరు గని చెప్పకుంటే ఎట్ల తగ్గిస్తడు? నేనైతే చెప్త.

కౌంటర్ అక్క
చెప్పు తమ్మీ, తగ్గిస్తడు. వానాకాలం వడ్ల సీజన్ల రోలర్లకు కొరత వచ్చినప్పుడు ఎవలికి ముందు పంపుతడో కూడ చూస్కో.

రైస్‌మిల్లు తమ్ముడు
పోయినేడు నిజంగనే వారం లేట్ పంపిండు. గది గిందుకేనా అని ఇప్పుడు డౌటొస్తున్నది.

మడికొండ వెల్డింగ్
అప్‌డేట్. నిన్న మధ్యాహ్నం అన్న చెప్పినట్టే పెట్టిన, ఎండాకాలం పనుల సంగతి కూడ ఒక లైను రాసిన. నలభై నిమిషాలకు హన్మకొండాయనే ఫోన్ చేసిండు! 22 అడుగుల షీటుకు పెద్ద బండి కావాలెనట, పరకాల దాటినంక నీ సైటు తొవ్వ ఎట్లుంటదని అడిగిండు. రెండు ముక్కలు చేస్తే చిన్న బండిల వస్తది గని మీద మీద ఎక్కనీకె షీటుకు అర అడుగు ఎక్కువ, అంటే 38 షీట్లకు కలిపి 19 అడుగులు ఎక్కువ, స్క్రూలు కూడ పెరుగుతయి. రెండు తీర్ల రేటు రాసిచ్చిండు, మూడు రోజులే నిలుస్తదన్నడు. ఇయ్యాల 10 గంటలకు పార్టీకి ఇచ్చిన, నా ఎస్టిమేట్ల కూడ మూడు రోజులే అని రాసిన.

హైదరాబాద్‌ల ఒకాయన "ఇంత చిన్న ఆర్డర్ చెయ్యం" అన్నడు, మంచిదే. ఇంకొకాయన మెసేజ్ చూసి ఊకున్నడు.

కొనుగోలు బల్ల
ఊకున్నాయనకు సోమవారం ఒక్కసారి అడుగు, గంతే. పార్టీ మూడు రోజులల్ల తేల్చకపోతే ఏం చేస్తవ్?

మడికొండ వెల్డింగ్
అదే చూస్తున్న అన్నా. పార్టీ "పత్తి డబ్బులు వచ్చినంక" అంటున్నడు.