కనీసం ఒకటి ఎరుపు అయితే: 1/2 అనేవారు, 1/3 అనేవారు

తొలిమెట్టు:
ప్రవేశ పరీక్ష నమూనా పత్రంలో వచ్చిన బిట్ ఇది. "సంచిలో 3 ఎర్ర బంతులు, 2 తెల్ల బంతులు ఉన్నాయి. తీసినదాన్ని తిరిగి వేయకుండా రెండు బంతులు తీశారు. వాటిలో కనీసం ఒకటి ఎరుపు అయితే, రెండూ ఎరుపు అయ్యే సంభావ్యత ఎంత?" ఆప్షన్లు 1/2, 1/3, 3/10, 3/7. కీలో 1/3 అని ఉంది, నాకు మాత్రం 1/2 వస్తోంది. ఎక్కడ తప్పుతున్నాను?

గోళీలసంచి:
మీరు ఎక్కడా తప్పలేదు, కీ తప్పింది. ఒకటి ఎరుపని వాళ్లే చెప్పారు కనుక ఆ ఎర్ర బంతిని పక్కన పెట్టేయండి. ఇక మిగిలినవి నాలుగు బంతులు, వాటిలో ఎర్రవి రెండు. రెండో బంతి ఎరుపు కావడానికి అవకాశం 2/4, అంటే సగం. పన్నెండేళ్లుగా పిల్లలకు ఈ పాఠం చెబుతున్నాను, ఈ పద్ధతి ఇంతవరకు నన్ను మోసం చేయలేదు.

బొమ్మాబొరుసు:
నాకు వేరే దారిలో కూడా 1/2 వచ్చింది. రంగులను బట్టి చూస్తే రెండూ ఎరుపు, రెండూ తెలుపు, చెరొకటి అని మూడే ఫలితాలు. రెండూ తెలుపు అన్నదాన్ని కొట్టేస్తే రెండు మిగులుతాయి, మనకు కావలసింది వాటిలో ఒకటి. రెండు వేర్వేరు దారుల్లో ఒకే జవాబు వచ్చాక ఇంకా అనుమానం ఎందుకు?

నిదానం:
ఒకటి ఎరుపు అంటే రెండోది ఎరుపు కాదనే కదా అర్థం. అప్పుడు జవాబు సున్నా అవుతుంది, అది ఆప్షన్లలోనే లేదు.

తొలిమెట్టు:
నిదానం గారూ, బిట్‌లో "కనీసం" అనే మాట ఉంది, దాన్ని వదిలేసి చదివారు.

వెన్నెలరాత:
బంతుల మీద అంకెలు వేసుకుంటే ఈ గొడవలో సగం తీరిపోతుంది. ఎర్రవాటిని ఎ1, ఎ2, ఎ3 అనీ, తెల్లవాటిని తె1, తె2 అనీ అనుకుందాం. అయిదింటిలో రెండు తీస్తే పది జతలు వస్తాయి, వాటిలో ఏదైనా రావడానికి అవకాశం సమానమే. ఎ1ఎ2, ఎ1ఎ3, ఎ2ఎ3 అనే మూడు జతల్లో రెండూ ఎరుపు. ఒక ఎరుపు, ఒక తెలుపు కలిసిన జతలు ఆరు. తె1తె2 ఒక్కటే పూర్తిగా తెలుపు. "కనీసం ఒకటి ఎరుపు అయితే" అన్నప్పుడు ఆ ఒక్క జతను తీసేస్తాం, తొమ్మిది మిగులుతాయి. తొమ్మిదిలో మూడు, అంటే 1/3. కీ సరైనదే.

బొమ్మాబొరుసు గారు చెప్పిన మూడు ఫలితాలూ నిజమే కానీ వాటి బరువు ఒకటి కాదు. రెండూ ఎరుపు అన్న ఫలితం వెనుక మూడు జతలున్నాయి, చెరొకటి అన్నదాని వెనుక ఆరు ఉన్నాయి. ఈ పొరపాటుకు పెద్ద చరిత్రే ఉంది. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒకసారి బొమ్మ పడే అవకాశం 2/3 అని దాలంబేర్ అంతటి గణితవేత్త 1754లో ఫ్రెంచి విజ్ఞానసర్వస్వంలో రాశాడు. తొలిసారే బొమ్మ పడితే ఆట అక్కడితో ముగుస్తుంది కనుక మూడే ఫలితాలని ఆయన లెక్క. అసలు జవాబు 3/4.

ఇక గోళీలసంచి గారిని ఒక్క మాట అడుగుతాను. "ఆ ఎర్ర బంతిని పక్కన పెట్టండి" అన్నారు. చేతిలో ఉన్నవి ఎ1, ఎ2 అయితే, ఆ ఎర్ర బంతి వాటిలో ఏది?

వేగుచుక్క:
నాకు 3/7 వచ్చింది. 9/25ను 21/25తో భాగించాను.

వెన్నెలరాత:
మొదటి బంతిని తిరిగి సంచిలో వేస్తే మీ లెక్క సరిపోతుంది, కానీ ఇక్కడ వేయలేదు. షరతును పూర్తిగా మరిచిపోయేవారికి 3/10 వస్తుంది. అంటే ఈ బిట్ రాసినవాళ్లు నాలుగు ఆప్షన్లూ ఊరికే పెట్టలేదు, తక్కిన మూడింటి కిందా ఒక్కొక్క పొరపాటును కాపు వేయించారు.

రెండోర్యాంకు:
ఈ పొరపాటు అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నేను రాసిన పరీక్షలో "రెండు నాణేలు ఎగరేయగా ఒకటి బొమ్మ పడింది, రెండోది కూడా బొమ్మ అయ్యే సంభావ్యత ఎంత" అని ఇచ్చారు. ఒక నాణెం మీద ఏది పడిందో రెండో నాణేనికి తెలియదు కనుక 1/2 పెట్టాను. కీలో 1/3 ఇచ్చారు. అభ్యంతరం పంపితే కారణం చెప్పకుండా తిప్పికొట్టారు. ఒక్క మార్కుతో నేను కోరుకున్న సీటు పోయింది. జతలు రాసి లెక్కపెట్టమని సలహా ఇవ్వడం తేలికే, పోయిన సీటును ఎవరు లెక్కపెడతారు?

గోళీలసంచి:
చూశారా, దెబ్బ తిన్నది నా ఒక్కడి పద్ధతే కాదు. వెన్నెలరాత గారి ప్రశ్న మాటల గారడీ తప్ప మరేమీ కాదు. ఎ1 అయినా ఎ2 అయినా పక్కన పెట్టేది ఒకటే, మిగిలేవి నాలుగే. కాగితం మీద జతలు రాయడం కాదు, చేసి చూడాలి. నేను చేశాను. పేకలోంచి మూడు ఆటీను ముక్కలూ రెండు ఇస్పేటు ముక్కలూ తీసి, ప్రతిసారీ బాగా కలిపి, రెండేసి ముక్కలు బోర్లా పంచాను. ఎడమ ముక్క తిప్పి చూసి, ఎరుపైతే ఆ పంపకాన్ని లెక్కలోకి తీసుకున్నాను, నలుపైతే వదిలేశాను. వంద పంపకాల్లో 58 లెక్కలోకి వచ్చాయి, వాటిలో 30 సార్లు రెండో ముక్కా ఎరుపే. సగం కంటే ఒకటి ఎక్కువే వచ్చింది. దీనికి ఏమంటారు?

వెన్నెలరాత:
మీ ప్రయోగాన్ని నేను తప్పుపట్టను, మీరు వదిలేసిన 42 పంపకాల గురించే అడుగుతాను. వాటిలో ఎడమ ముక్క నలుపు, నిజమే. కుడి ముక్క ఎరుపైన పంపకాలు వాటిలో ఎన్ని? అలాంటి ప్రతి పంపకంలోనూ "కనీసం ఒకటి ఎరుపు" అన్న షరతు నెరవేరింది, అయినా మీరు దాన్ని బయటికి నెట్టేశారు. మీరు కొలిచింది "మొదటిది ఎరుపు అయితే" అన్న ప్రశ్నకు జవాబు. దానికి 1/2 అన్నది నూటికి నూరుపాళ్లూ సరైనదే.

గోళీలసంచి:
నేను కొలిచింది వేరే ప్రశ్న అని తేల్చేయడానికి మీరెవరండీ? ప్రతి పంపకంలోనూ రెండు ముక్కలూ పుస్తకంలో రాసుకునే అలవాటు నాది, కాబట్టి దాచేదేమీ లేదు. 42లో 33 సార్లు కుడి ముక్క ఎరుపే. కలిపితే 91లో 30. సరే, అది మూడో వంతుకు దగ్గరే, కళ్లముందున్నదాన్ని కాదనను.

కానీ నా అసలు అభ్యంతరం అంకెల మీద కాదు. "కనీసం ఒకటి ఎరుపు" అని మనకు ఎలా తెలిసింది? ఎవరో ఒకరు చూస్తేనే కదా తెలిసేది. బంతి చూడకుండా ఆకాశవాణి పలకదు. చేతిలోని రెండింటిలో ఒకటి కనిపించింది, అది ఎరుపు. మనుషులకు తెలిసే తీరు అదే, దానికి జవాబు సగమే. ఎవరు చూశారో, ఎలా చూశారో చెప్పకుండా బిట్ ఇచ్చి, విద్యార్థి తప్పు చేశాడనడం అన్యాయం.

వెన్నెలరాత:
ఈ మాట మొదటే అని ఉంటే మనం ఇంతసేపు పోట్లాడుకునేవాళ్లం కాదు. మీరన్నదానిలో చాలా బలం ఉంది, అదెక్కడ చెల్లుతుందో చూద్దాం.

ఒకాయన సంచిలోంచి రెండు బంతులు పిడికిట్లో తీశాడు. తాను కూడా చూడకుండా, ఏదో ఒక బంతిని వేళ్ల మధ్యనుంచి బయటికి తోశాడు, అది ఎరుపు. పది జతల్లోనూ బయటపడే బంతి రెండింటిలో ఏదైనా కావచ్చు కనుక మొత్తం ఇరవై సందర్భాలు. రెండూ ఎరుపైన మూడు జతల్లో ఏది బయటపడినా ఎరుపే, అవి ఆరు సందర్భాలు. కలిసిన జతలు ఆరు కదా, వాటిలో ఒక్కొక్కదానికి రెండు సందర్భాల చొప్పున పన్నెండు, వాటిలో సగంలోనే ఎరుపు కనిపిస్తుంది, అంటే మరో ఆరు. పన్నెండింటిలో ఆరు, మీ 1/2 వచ్చేసింది.

ఇప్పుడు అదే మనిషి పిడికిలిలోకి తొంగి చూసి, ఎరుపు ఉంటే తప్పకుండా ఎరుపునే చూపించే రకం అనుకోండి. అప్పుడు కలిసిన జతలు ఆరూ నిలుస్తాయి, ఒక్కటీ రాలిపోదు, జవాబు మళ్లీ 1/3 అవుతుంది. మన కంటికి కనిపించింది రెండుసార్లూ ఒక ఎర్ర బంతే. మారిందల్లా దాన్ని చూపించిన చేతి అలవాటు.

1959లో మార్టిన్ గార్డ్‌నర్ ఇద్దరు పిల్లల లెక్కగా ఇదే చిక్కును ఇచ్చి మొదట 1/3 అన్నాడు, సమాచారం ఎలా వచ్చిందో చెప్పకపోతే ప్రశ్నలో స్పష్టత లేనట్లేనని తర్వాత తానే ఒప్పుకున్నాడు. రెండోర్యాంకు గారి నాణేల బిట్ మీరు రాసిన మాటల్లోనే ఉంటే అది ఈ కోవకే చెందుతుంది. "ఒకటి బొమ్మ పడింది" అన్నదాన్ని రెండు రకాలుగానూ చదవవచ్చు. మీ అభ్యంతరం న్యాయమైనదేనని నా ఉద్దేశం.

తొలిమెట్టు గారి బిట్ అలా కాదు. అందులో ఎవరూ ఏమీ చూడలేదు, చెప్పలేదు. "అయితే" అన్న మాట వార్త కాదు, షరతు. ఏ జతలను ఉంచాలో, ఏది తీసేయాలో మాత్రమే అది చెబుతోంది.

గోళీలసంచి:
పిడికిలి లెక్క ఒప్పుకున్నాను, రేపు తరగతిలో అదే చెబుతాను. "అయితే" మీద మీ వ్యాకరణం మాత్రం ఒప్పుకోను. పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లవాడు ఆ మాటను వార్తగానే చదువుతాడు. "రెండూ తెలుపు అయిన సందర్భాలను మినహాయిస్తే" అని రాయడానికి ఎవరి చేతులు కట్టేశారు?

బొమ్మాబొరుసు:
ఆ మాటలే ఉండుంటే నేనూ జతలు రాసేవాడినేమో. రంగులే తప్ప బంతులు నా కంటికి ఆనలేదు.

తొలిమెట్టు:
అదే పత్రంలో పక్కపక్కనే మరో రెండు బిట్లున్నాయి. 52 పేకముక్కల్లోంచి రెండు తీస్తే, మొదటిది ఆసు అయితే రెండూ ఆసులయ్యే సంభావ్యత ఒకటి. కనీసం ఒకటి ఆసు అయితే రెండూ ఆసులయ్యే సంభావ్యత ఇంకొకటి. మొదటిదానికి పక్కన పెట్టే పద్ధతి వాడి 3/51, అంటే 1/17 అన్నాను. రెండోదానికి మొత్తం 1326 జతల్లోంచి ఒక్క ఆసూ లేని 1128 తీసేస్తే 198 మిగిలాయి, రెండూ ఆసులైనవి ఆరు, కనుక 1/33. సరిపోయిందా?

వెన్నెలరాత:
రెండూ సరిపోయాయి.

రెండోర్యాంకు:
నా అభ్యంతరం న్యాయమని ఇక్కడ ఒకరు ఒప్పుకోవడానికి ఇన్నాళ్లు పట్టింది. ఆ బిట్ రాసినాయన నాణేలను ఏ చేత్తో చూపించాడో నాకిప్పటికీ ఎవరూ చెప్పలేదు.