అప్‌డేట్: 7 హెర్ట్జ్ సైన్ వేవ్ 3 హెర్ట్జ్‌గా ఎందుకు మారిందో తెలిసింది

నా ప్రశ్న: 7 హెర్ట్జ్ సైన్ వేవ్‌ను సెకనుకు 10 శాంపిల్స్‌తో గీస్తే, తలకిందులైన 3 హెర్ట్జ్ వేవ్ వస్తోంది. కోడ్‌లో తప్పుందా?

కోడ్ సరిగ్గానే ఉంది. నల్గొండలో మా పక్కింటి అక్క ఈసీఈ చదివింది. ప్లాట్ మూసేసి, ఒక్కో శాంపిల్‌కు వేవ్ ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో లెక్కేయమంది. సెకనుకు 7 చుట్లంటే 2520 డిగ్రీలు, 10 శాంపిల్స్‌కు పంచితే ఒక్కోదానికి 252. ముందుకు 252 తిరిగినా, వెనక్కి 108 తిరిగినా చేరేది ఒకే చోటుకు. ఆ 108ని పదిసార్లు వేస్తే 1080, అంటే సరిగ్గా 3 చుట్లు. వెనక్కి తిరిగింది కాబట్టే వేవ్ తలకిందులైంది!

```
sin(2π·7·n/10) = -sin(2π·3·n/10)
```

ప్రతి n దగ్గరా రెండు వైపులా విలువ ఒకటే. కాబట్టి శాంపిల్ చేశాక ఏ ఫిల్టర్ పెట్టినా అసలు వేవ్ ఏదో తేల్చలేం. ఫిల్టర్ శాంప్లింగ్‌కు ముందే ఉండాలి.

రెట్టింపు రేటు చాలనుకుని 14 కూడా పెట్టి చూశాను. n = 0 నుంచి మొదలుపెడితే అన్నీ సున్నాలే వచ్చాయి, ఎందుకంటే ప్రతి శాంపిల్ వేవ్ సున్నా దాటే చోటే పడింది. రేటు రెట్టింపు కంటే ఎక్కువ ఉండాల్సిందే. అసైన్‌మెంట్‌లో 50 పెట్టాను, 7 హెర్ట్జ్ స్పష్టంగా కనిపిస్తోంది.