నాలుగో స్లాబ్ కిస్తీ బాకీ: రిమైండర్‌లో రద్దు మాట రాయాలా, వద్దా?

బాచుపల్లి సైట్ ఆఫీస్:
మాది స్టిల్ట్ పార్కింగ్ మీద అయిదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు. నాలుగో స్లాబ్ కిస్తీ అడిగి నెల దాటింది, నలుగురు ఇంకా కట్టలేదు. వాళ్లకు ఈ రిమైండర్ పంపాలని ఉంది. మా ఓనరు గట్టిగా ఉండాలంటున్నారు. బెదిరింపులా ఉందా, చెప్పండి:
“మీ నాలుగో స్లాబ్ వాయిదా ఇంకా అందలేదు. ఏడు రోజుల్లో కట్టనిచో నెలకు 2 శాతం వడ్డీతో వసూలు చేసి, మీ అలాట్‌మెంట్ రద్దు చేయబడును.”

నిజాంపేట్ వాసు:
బెదిరింపు కాక ఇంకేంటండీ? నాకూ ఇలాంటిదే వచ్చింది, వేరే ప్రాజెక్టులో. చదివిన రాత్రి మా ఆవిడకు నిద్ర లేదు. రెరా, అదే స్థిరాస్తి నియంత్రణ చట్టం, వచ్చాక బిల్డర్ వడ్డీ వేయడానికి వీల్లేదు, రద్దు చేయడానికీ వీల్లేదు. కట్టకండి, ఏం చేస్తారో చూద్దాం.

శారద, సీఏ:
వాసు గారూ, అది సగమే నిజం. రెరా చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసుకున్న గడువుకు కట్టే బాధ్యత కొనేవాళ్లదే, ఆలస్యమైతే వడ్డీ కూడా ఉంది. కానీ రేటు బిల్డర్ ఇష్టం కాదు. తెలంగాణ రూల్స్‌లో స్టేట్ బ్యాంక్ అప్పులకు పెట్టుకునే కనీస వడ్డీ రేట్లలో, అంటే ఎంసీఎల్ఆర్‌లో, అన్నిటికంటే ఎక్కువ ఉన్నదానికి 2 శాతం కలుపుతారు. బిల్డర్ ఆలస్యం చేసినా మనకు అదే రేటు.

64 లక్షల ఫ్లాటుకు ఈ స్లాబ్ వాటా 8 శాతం అనుకుందాం. వాయిదా 5,12,000. రేటు 11 దగ్గర ఉంటే 40 రోజులకు 6,172 రూపాయలు. ఆఫీస్ వాళ్లు రాసిన నెలకు 2 చొప్పున 13,466. రెట్టింపు దాటిపోయింది. ముందు ఆ లైన్ తీసేయండి.

ఏడు రోజుల్లో రద్దు కూడా కుదరదు. రద్దు ఒప్పందంలో ఉన్న షరతుల ప్రకారమే చేయాలి. రెరా నమూనా ఒప్పందంలో అయితే ముందు నోటీసు, ఆ తర్వాతా కట్టకపోతే రద్దుకు 30 రోజుల ముందు మళ్లీ తెలియజేయడం ఉంటుంది.

దుబాయ్ శీను:
మేడమ్, నేను ప్రీలాంచ్‌లో మొత్తం డబ్బు ఒకేసారి కట్టేశాను. రెండేళ్లయింది, పునాది కూడా లేదు. నాకు వడ్డీ ఎవరిస్తారు?

శారద, సీఏ:
శీను గారూ, మీది వేరే కేసు, వేరే థ్రెడ్ పెట్టండి. అమ్మకం అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా పది శాతం మించి తీసుకోకూడదు. మీది అక్కడే మొదలవుతుంది.

బాచుపల్లి సైట్ ఆఫీస్:
వడ్డీ సరిచేస్తాను మేడమ్. కానీ రద్దు మాట తీసేస్తే ఎవరూ కట్టరు. నలుగురి దగ్గర లక్షల్లో డబ్బు ఆగిపోయింది. స్టీలు వాళ్లు అప్పివ్వరు, శనివారం కూలీలకు డబ్బులివ్వాలి. కట్టిన పదహారు మంది చేసిన తప్పేంటి? వీళ్ల కోసం వాళ్ల ఇల్లు ఆగాలా?

నిజాంపేట్ వాసు:
శనివారం కూలీ మీ సమస్య. కొనేవాళ్ల డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. ఇంజనీరు, ఆర్కిటెక్టు, సీఏ సర్టిఫై చేస్తేనే అందులోంచి తీయాలి. అది పక్క సైటుకు వెళ్లలేదని మీరు రాసిస్తారా?

బాచుపల్లి సైట్ ఆఫీస్:
మేం దొంగలమా? ఒక్క నిరూపణ లేకుండా ఎలా అంటారండీ అంత మాట?

సెంట్రింగ్ యాదగిరి:
అన్నా, కొట్లాడకుండ్రి. నాలుగో స్లాబ్ అంటే ఏది? స్టిల్ట్ పైకప్పు ఒకటి లెక్కనా, కాదా? మా సైట్ల గిదే పంచాయితీ అయింది. బ్యాంకు ఇంజనీరు వచ్చి ఫస్ట్ ఫ్లోర్ కప్పు నుంచి లెక్కబెట్టిండు. ఆయన లెక్కల మూడే స్లాబులు, బిల్డర్ లెక్కల నాలుగు. పైసలు ఆపిండు.

బాచుపల్లి సైట్ ఆఫీస్:
స్టిల్ట్ కప్పే మొదటిది. నాలుగోదంటే మూడో అంతస్తు పైకప్పు. ఎవరినడిగినా అదే చెప్తారు.

నిజాంపేట్ వాసు:
ఎవరినడిగినా కాదు, మీ అగ్రిమెంట్‌లో ఉందా? నా అగ్రిమెంట్‌లో ‘నాలుగో స్లాబ్’ అని మాత్రమే ఉంది. బ్యాంకు ఆపింది, నా జేబులో డబ్బు లేదు. బిల్డర్ ఆఫీసుకు ఫోన్ చేస్తే ‘అది మీ బ్యాంకుతో మీరు చూసుకోండి’ అన్నారు. నాకు మండింది అందుకు. వడ్డీ ఆరు వేలయినా, పదమూడు వేలయినా కాదు.

శారద, సీఏ:
ఇప్పుడు అసలు సంగతికి వచ్చారు. ఆఫీస్ గారూ, ఆ నలుగురిలో ఇద్దరు ముగ్గురిదైనా బ్యాంకు లోను డబ్బేనా? బ్యాంకుకు మీ డిమాండ్ లెటర్ కావాలి, ఆ దశ పూర్తయిందని ఆర్కిటెక్టు లేదా ఇంజనీరు సర్టిఫికెట్ కావాలి, చాలా చోట్ల వాళ్ల మనిషి వచ్చి చూస్తాడు. మీ లెటర్లో ఏ కప్పో, ఎప్పుడు వేశారో లేదు. కొనేవాళ్లు దాన్ని తీసుకెళ్లి బ్యాంకులో ఏం చూపించాలి?

ఇంకోటి. జీఎస్టీ 5 శాతం కలిపితే మొత్తం 5,37,600. ఫ్లాటు 50 లక్షలు దాటింది కాబట్టి కొనేవాళ్లు వాయిదా మీద 1 శాతం టీడీఎస్, అంటే 5,120 పట్టి ప్రభుత్వానికి కట్టి, మీకు 5,32,480 పంపుతారు. మీ పుస్తకంలో ఆ 5,120 బాకీగా కనిపిస్తుంది. నలుగురిలో అలాంటివాళ్లున్నారేమో, రిమైండర్ పంపకముందే చూడండి.

బాచుపల్లి సైట్ ఆఫీస్:
చూశాను. ఒకరిది టీడీఎస్ తేడానే, సర్టిఫికెట్ పంపమంటే సరిపోతుంది. ఇద్దరిది లోన్, బ్యాంకు ఇంకా సైటు చూడలేదు. నాలుగో ఆయన ఫోనే ఎత్తడం లేదు. ఇప్పుడు ఇలా రాశాను:

“నమస్కారం. ఒప్పందంలోని చెల్లింపుల పట్టిక ప్రకారం నాలుగో స్లాబ్ (స్టిల్ట్ పైకప్పును మొదటిదిగా లెక్కిస్తే, మూడో అంతస్తు పైకప్పు) కాంక్రీటు పని పూర్తయింది. వేసిన తేదీ, ఇంజనీరు సర్టిఫికెట్, ఫోటోలు జతచేశాం. వాయిదా 5,12,000, జీఎస్టీ 25,600 మాకు రావాలి. మీరు టీడీఎస్ మినహాయిస్తే 5,32,480 పంపి, టీడీఎస్ సర్టిఫికెట్ ఇవ్వగలరు. దయచేసి 15 రోజుల్లోపు చెల్లించండి. బ్యాంకు నుంచి రావలసి ఉంటే ఆ అధికారి వివరాలు పంపితే మేమే మాట్లాడి సైటు చూపిస్తాం. గడువు దాటితే ఒప్పందంలో ఉన్న రేటు ప్రకారం వడ్డీ లెక్కిస్తాం. లెక్కలో తేడా కనిపిస్తే ఈ నంబరుకు చెప్పండి.”

రద్దు మాట తీసేశాను. ఫోన్ ఎత్తని ఆయనకు మాత్రం ఒప్పందంలోని ఆ క్లాజు నంబరు వేసి విడిగా పంపుతా.

శారద, సీఏ:
ఇది బాగుంది. ఒప్పందంలో ఎక్కువ వడ్డీ రేటు ఉన్నా రూల్స్‌లో ఉన్న రేటే వేయండి. క్లాజు లెటర్ మాత్రం రిజిస్టర్డ్ పోస్టులోనూ వెళ్లాలి. వాట్సాప్ ఒక్కటే అయితే అందలేదంటారు.

సెంట్రింగ్ యాదగిరి:
ఫోటోల కప్పు ఎన్నోదో కనబడేటట్టు పక్కనుంచి తీయుండ్రి. పైనుంచి తీస్తే అన్ని కప్పులు ఒక్క తీరే ఉంటయి.

నిజాంపేట్ వాసు:
మాట మర్యాదగా ఉంది, ఒప్పుకుంటా. బ్యాంకు ఆలస్యానికి నా మీద వడ్డీ వేయడం మాత్రం ఒప్పుకోను, ఆ మాట మీ లెటర్లో ఇప్పుడూ ఉంది. ఇంకోటి: ఆ లెటర్లోనే ఇల్లు ఎప్పుడు అప్పగిస్తారో, ఇప్పుడు ఎన్ని నెలలు వెనకబడ్డారో కూడా రాయండి. అడిగేటప్పుడే చెప్పాలి.

బాచుపల్లి సైట్ ఆఫీస్:
బ్యాంకు ఆలస్యానికి మేమెందుకు నష్టపోవాలండీ? ఒప్పందం మీతో, బ్యాంకుతో కాదు. అప్పగింత తేదీ సంగతి ఓనరును అడిగాను, “వాయిదా లెటర్లో అదెందుకు” అన్నారు. ఈ వారం మళ్లీ అడుగుతా.