మొదటి ఉద్యోగం, 18వ రోజుకే లీడ్‌కు నా మీద నమ్మకం పోయింది. మొదటి 90 రోజుల్లో మిగతా 72 రోజులు ఎలా ప్లాన్ చేసుకోవాలి?

హన్మకొండ నుంచి రోజూ మడికొండ ఐటీ పార్కుకు వెళ్తున్నాను. టెస్టింగ్ పని. మా లీడ్ సోమవారం 40 టెస్ట్ కేసులు ఇచ్చి శుక్రవారానికి కావాలన్నారు. "అయిపోతుంది సార్" అనేశాను. మంగళవారమే లాగిన్ పర్మిషన్ దగ్గర ఆగిపోయాను. అడిగితే ఏమీ రాదనుకుంటారేమోనని రెండు రోజులు నాలో నేనే కొట్టుకున్నాను. శుక్రవారం సాయంత్రం చూస్తే అయినవి 22. ఆలస్యం కంటే, చివరి గంట దాకా చెప్పకపోవడమే ఆయనకు కోపం తెప్పించింది. ఇప్పుడు రోజుకు రెండుసార్లు నా సీటు దగ్గరికొచ్చి చూస్తున్నారు.

నేననుకున్నది ఇది. 30వ రోజు దాకా పని తీసుకోగానే నాకు ఏం అర్థమైందో, ఏ తేదీకి ఇస్తానో లీడ్‌కు రాసి పంపడం. అరగంట ఇరుక్కుంటే, ఏమేం ప్రయత్నించానో చెప్పి అడగడం. సగం గడువుకు సగం పని కాకపోతే ఆ రోజే చెప్పడం. 60వ రోజుకల్లా ఒక చిన్న మాడ్యూల్ టెస్టింగ్ పూర్తిగా నా బాధ్యతగా అడగడం. ఆ తర్వాత 90 దాకా ఏం చేయాలో తోచడం లేదు.

కొత్తవాళ్లను చూసుకున్న సీనియర్లు చెప్పండి: రోజూ సాయంత్రం మూడు లైన్ల అప్‌డేట్ పంపితే లీడ్‌కు ఉపయోగమా, విసుగా? నా పని ఎలా ఉందని 30వ రోజు నేనే అడగొచ్చా?